తొమ్మిది కాగితాలు

ఖజానా ఆఫీసు నుంచి మళ్లీ ఫోనొచ్చింది.

"మాస్టారూ, తొమ్మిది ఫోటోలూ అందాయండి. ఒకటి తలకిందులుగా ఉంది. ఇంకోదాంట్లో సరిగ్గా సంతకం మీదే మీ బొటనవేలు పడింది. అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేసి మెయిల్ పెట్టండి, ఫైలు నడిపించేస్తాను."

సత్యనారాయణ మాస్టారికి అక్టోబరులో డెబ్బై నిండాయి. డెబ్బై దాటితే పెన్షన్ మీద కొంత అదనంగా కలుస్తుంది. పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చిన పీపీఓ కాగితాల్లో పుట్టినతేదీ ఉన్నా మళ్లీ రుజువు కావాలట. రిటైర్మెంటు వయసు అరవైకి పెంచకముందే, 2013లో, ఆయన యాభై ఎనిమిదికే దిగిపోయారు. ఇంకో ఎనిమిది నెలలు ఆలస్యంగా పుట్టి ఉంటే అరవై దాకా బడిలోనే ఉండేవారు. ఈ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తారు.

"జిరాక్సు షాపులో ఇస్తే అయిపోదా?" అంది సుబ్బలక్ష్మమ్మగారు.

"ఆధార్, పాన్, పాస్‌బుక్కు మూడూ ఇంకొకడి కంప్యూటర్లో వదిలేసి రమ్మంటావా?"

మేడ మీద అద్దెకున్న వాళ్లమ్మాయి లావణ్య పాలిటెక్నిక్ నుంచి రాగానే పిలిచారు. ఆ పిల్ల ఫోను చేతిలోకి తీసుకోలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"డ్రైవ్ తెరవండి తాతగారూ. కింద మూల కెమెరా బొమ్మ ఉంది చూడండి. అది."

టీపాయ్ మీద తెల్లటి గుడ్డ. దాని మీద తెల్లటి కాగితం. ఫోనుకి అంచులు దొరకలేదు. గీత ఒకసారి పువ్వుల డిజైను దాకా పోతుంది, ఒకసారి కాగితం మధ్యలోనే ఆగిపోతుంది. లావణ్య లేచి మంచం మీది మెరూన్ దుప్పటి తెచ్చి పరిచింది. ఈసారి నాలుగు మూలలూ టక్కున పట్టుకుంది. మాస్టారు వంగేసరికి ఆయన తల నీడ పీపీఓ మీద పడింది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"ఇప్పుడు ప్లస్ నొక్కి రెండో పేజీ. ప్లస్ నొక్కకుండా సేవ్ చేశారో, మళ్లీ తొమ్మిది ఫైళ్లే."

పీపీఓ నాలుగు, ఆధార్ రెండు వైపులా, పాన్, పాస్‌బుక్కు మొదటి పేజీ, చివర పదో తరగతి సర్టిఫికెట్. ఆధార్‌కి లామినేషన్ ఉంది. ట్యూబులైటు దాని మీద పడి సగం అంకెలు మెరిసిపోయాయి. లైటు ఆర్పేసి మళ్లీ తీశారు. పిల్లల నోటు పుస్తకాల్లో మార్జిన్ వంకరపోతే పేజీ మొత్తం తిరగరాయించిన మనిషి ఆయన. మూలల్ని వేలితో జరుపుతూ ఒక్కో కాగితానికి అయిదేసి నిమిషాలు తీసుకున్నారు.

"అక్షరాలు నల్లగా రావాలంటే ఏం చెయ్యాలి?"

"ఫిల్టర్ ఉంటుంది, బ్లాక్ అండ్ వైట్ చేయొచ్చు."

చేశారు. అక్షరాలు అచ్చు వేసినట్టు తేలాయి. కానీ పీపీఓ మీద భార్యాభర్తల జాయింటు ఫోటో ఉంది కదా, అది రెండు మసి మచ్చలైంది. వెనక నిలబడి చూస్తున్న సుబ్బలక్ష్మమ్మగారికి కోపమొచ్చింది.

"ఇదేంటి, నేనేనా? ఆ రోజు కట్టుకున్నది చిలకపచ్చ చీర!"

ఆ పేజీ ఒక్కటీ మళ్లీ రంగులోకి మార్చారు.

సేవ్ చేసేముందు పేరు అడిగింది. తేదీతో ఏదో పేరు దానికదే వచ్చి కూర్చుంది. మాస్టారు చెరిపేసి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు: Satyanarayana_Pension. ఫైలు తెరిచి తొమ్మిది పేజీలూ లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు.

"పంపడానికి Share నొక్కనా?"

"వద్దొద్దు. దాంతో లింకు వెళ్తుంది. వాళ్లు తెరవబోతే పర్మిషన్ అడుగుతుంది, మళ్లీ మీకు ఫోనొస్తుంది. మూడు చుక్కలు నొక్కి Send a copy. అక్కడ జీమెయిల్."

సబ్జెక్టు దగ్గర పేరూ పీపీఓ నంబరూ వేశారు. లోపల "ఆర్యా," అని మొదలుపెట్టి నాలుగు వాక్యాల అర్జీ రాశారు. "అంత అక్కర్లేదు తాతగారూ" అని లావణ్య అంటున్నా వినలేదు, "ఇట్లు, తమ విధేయుడు" దాకా పూర్తి చేశారు. నీలం బాణం నొక్కి, ఫోను దుప్పటి మీద బోర్లా పెట్టి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

లావణ్య మేడ మీదికి వెళ్లిపోయింది. ఇరవై నిమిషాలకి ఫోను టింగుమంది. "అందినవి. అన్నీ సరిగా ఉన్నవి."

"ఏదీ, ఇటివ్వండి" అంది సుబ్బలక్ష్మమ్మగారు.

"మెయిలా?"

"మెయిలెందుకూ నాకు! ఆ పీడీఎఫ్‌లో మొదటి పేజీ."

మాస్టారు తెరిచి, రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసి అందించారు. ఆవిడ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూసింది.

"మీ మీసానికి అప్పుడే రంగేశారు కదూ?"