టమాటా మార్కెట్: డిమాండ్, సప్లయి గీత కార్డులు

గ్రాఫ్ కాగితం, స్కేలు, పెన్సిలు, ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకోండి. పాత రేఖలు పెన్సిలుతో, జరిగిన రేఖ ఎరుపుతో. మార్కెట్ మదనపల్లె అనుకోండి. అంకెలు లెక్క తేలిగ్గా కుదరడానికి వేసుకున్నవి. బిందువుల్లో ముందు టన్నులు, తర్వాత కిలో ధర.

కార్డు 1: అక్షాలు
అడ్డంగా 10 సెం.మీ., నిలువుగా 8 సెం.మీ. అడ్డం 1 సెం.మీ.కి 10 టన్నులు, నిలువు 1 సెం.మీ.కి 5 రూపాయలు. ధర నిలువు అక్షం మీదే. తిప్పి గీస్తే తర్వాతి కార్డులన్నీ తప్పుతాయి.

కార్డు 2: మొదటి సమతౌల్యం
డిమాండ్ డి: (80, 10), (20, 40) కలపండి.
సప్లయి ఎస్: (40, 10), (100, 40) కలపండి.
రెండూ కలిసే చోటు ఈ: 60 టన్నులు, 20 రూపాయలు. అక్కణ్ణుంచి రెండు అక్షాలకూ చుక్కల గీతలు దించండి.

కార్డు 3: వాన పంటను ముంచింది
ఏ ధరకైనా రైతు తేగలిగేది 40 టన్నులు తగ్గింది. అందుకే ఎస్ మీది ప్రతి బిందువునూ 4 సెం.మీ. ఎడమకు జరపండి: (0, 10), (60, 40). కలిపితే ఎస్1. బాణం అడ్డంగా వేయండి. "సప్లయి తగ్గింది కదా" అని రేఖను కిందికి దించితే అది కుడికి జరిగినట్టే, అంటే పెరిగినట్టు! పరీక్ష పేపర్లలో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే.

ఇక కొత్త బిందువు దగ్గరికి ఎలా చేరామో గీయాలి. పాత ధర 20 దగ్గర అడ్డగీత వేయండి: కొనేవాళ్లకు 60 కావాలి, వచ్చింది 20. కొరత 40 టన్నులు. కొనుగోలుదార్లు పాట పెంచుతారు. ధర ఎక్కేకొద్దీ డి మీద కొనుగోలు 60 నుంచి 40కి తగ్గుతుంది, ఎస్1 మీద సరుకు 20 నుంచి 40కి పెరుగుతుంది. ఈ1: (40, 30). నష్టం 40 టన్నులైనా అమ్మకం తగ్గింది 20 టన్నులే.

డి కదల్లేదు. ధర పెరిగి కొనుగోలు తగ్గడం ఆ రేఖ వెంట కదలికే. దానికి రెండో డిమాండ్ రేఖ గీస్తే మార్కులు పోతాయి.

కార్డు 4: పెళ్ళిళ్ల సీజన్
కొత్త కాగితం మీద 1, 2 మళ్లీ గీయండి. డిమాండ్ 20 టన్నులు కుడికి: డి1 (100, 10), (40, 40). ఎస్‌తో కలిసేది (70, 25) దగ్గర. ఇక్కడ కదలిక ఎస్ వెంట.

కార్డు 5: వాన, పెళ్ళిళ్లు ఒకేసారి
డి1, ఎస్1 కలిసేది (50, 35) దగ్గర. రెండు కారణాలూ ధరను పైకే నెట్టాయి, కాబట్టి అంకెలు లేకపోయినా ధర పెరుగుతుందని చెప్పొచ్చు. పరిమాణం అలా కాదు: ఏ రేఖ ఎక్కువ జరిగిందో తెలియాలి, వాలు కూడా చూడాలి. ఇక్కడ వాలు సమానం, సప్లయి 40 జరిగింది, డిమాండ్ 20; అందుకే 60 కాస్తా 50 అయింది. డిమాండ్‌నూ 40 జరిపి చూడండి, (100, 20), (60, 40) కలపండి: పరిమాణం 60 దగ్గరే ఉంటుంది, ధర 40కి ఎక్కుతుంది.