భగీరథుణ్ణి కాను గానీ, బావి లెక్క ఇదీ

కిశోర్ గారూ,

చెన్నైలో మా అపార్ట్‌మెంటు మిద్దె మీద పడే వాన నీళ్ళను పైపుతో బావిలోకి దింపామని నేను రాసిన దాని కింద "ఆంటీ, పైపు ముక్క బావిలోకి దించి భగీరథుడి ఫోజా?" అన్న మీ మాట పొద్దున్నే మా ఇంట్లో అందరం చదివాం. మావారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వారు. భగీరథుడికీ నాకూ పోలిక కుదరదు లెండి. ఆయన గంగను ఆకాశం నుంచి దింపాడు, నేను రెండంతస్తుల మిద్దె మీంచి దింపాను. ఆయన తపస్సుకు గంగే దిగొచ్చింది. నాకు ప్లంబరు దిగిరావడానికే ఆడి మాసం దాటిపోయింది. ఇక ఆంటీ అన్నందుకు ఏమీ అనుకోలేదు. మా అపార్ట్‌మెంటులో పిల్లలు, లిఫ్టు బాగుచేసే అబ్బాయి, అందరూ అలాగే పిలుస్తారు.

మీకు జవాబు చెప్పేముందు మిగతావాళ్ళకు ఒక మనవి. నా తరఫున మాట్లాడుతున్నాం అనుకుని ఇద్దరు ముగ్గురు కిశోర్ గారి ఫొటో మీద, ఆయన ఉద్యోగం మీద మాటలు విసిరారు. దయచేసి అవి తీసేయండి. ఆయన నా పనిని ఎగతాళి చేశారు, మనిషిని తిట్టలేదు. అదీగాక ఆయన అడిగినవాటిలో రెండు ప్రశ్నలు మా అపార్ట్‌మెంటు మీటింగులో మా వాళ్ళే ఇంతకన్నా గట్టిగా అడిగారు.

కిశోర్ గారూ, మొదట వరద సంగతి. "వాన పడితే ఊరు మునుగుతుంది, నీ బావి ఆపుతుందా?" అన్నారు. ఆపదు. ఇందులో మీ మాటే నిజం. మా మిద్దె సుమారు 4,200 చదరపు అడుగులు, అంటే 390 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ ఒక్క లెక్క తెలిస్తే మిగతావన్నీ నోటితోనే కట్టుకోవచ్చు. వంద మిల్లీమీటర్ల వాన పడిన రోజు మా మిద్దె మీద 39 వేల లీటర్లు పడతాయి. మా బావి వెడల్పు అయిదడుగులు. నీటిమట్టం పైన పదిహేనడుగులు ఖాళీ ఉన్నా అందులో పట్టేది ఎనిమిది వేల లీటర్లే. నీళ్ళు ఇంకే కొద్దీ ఇంకొంత పడుతుంది, మిగిలింది వీధిలోకే పోతుంది. 2015 డిసెంబరు 1న తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు కురిసింది. అంత వాన మా మిద్దె మీద పడితే 1.9 లక్షల లీటర్లు. దానికి బావి కాదు, చెరువు కావాలి. ఆ చెరువుల్లో మనం ఏం కట్టుకున్నామో మీకూ తెలుసు, ఆ గొడవ ఇప్పుడు వద్దు. నేను రాసిన దాంట్లో వరద మాటే ఎత్తలేదు. ఎత్తినట్టు అనిపించి ఉంటే ఈ పేరా దానికి సరిపోతుంది.

ఎండాకాలం సంగతి వేరు. "ఎలాగూ లారీ నీళ్ళే కదా" అన్నారు. పోయిన మే నెలలో లారీ మా గేటు ముందుకు వచ్చిన మాట వాస్తవం. ముందు ఏడు వారానికి రెండు సార్లు వచ్చేది, ఈసారి వారానికి ఒకసారి వచ్చింది. అదంతా బావి పుణ్యమే అని ఒట్టేసి చెప్పలేను. ఈసారి రెండు ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయి, మెట్రోవాటర్ కూడా కాస్త సక్రమంగా వచ్చింది. ఇంకో రెండేళ్ళు చూస్తే గానీ తేలదు. ఉప్పదనం తగ్గడం మాత్రం మీటరులోనే కనబడింది. వానలకు ముందు బావి నీళ్ళలో టీడీఎస్ 1,900 చూపించేది, సంక్రాంతికి చూస్తే 1,150కి దిగింది. తాగే నీళ్ళకు భారత ప్రమాణం ప్రకారం 500 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2,000 దాకా సరిపెట్టుకోవచ్చు. అయినా ఆ నీళ్ళు మేము తాగం. బట్టలకీ, గిన్నెలకీ, బాత్రూములకీ వాడుతున్నాం. గీజరు కాయిలు మీద తెల్లగా పేరుకునే పెంకు తగ్గిందని మా పైఫ్లాటు బామ్మగారు చెప్పారు. ఆవిడ ఎవర్నీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు.

"ఒక్క మిద్దెతో చెన్నై బాగుపడుతుందా?" అన్న దగ్గర నాకు నిజంగా ఆగి చెప్పాలనిపించింది, ఎందుకంటే నేను ఉండేది విల్లివాక్కంలో. 2019 జూలైలో జోలార్‌పేట నుంచి నీళ్ళ రైలు వచ్చింది గుర్తుందా? అది ఆగింది మా విల్లివాక్కం స్టేషనులోనే. యాభై వ్యాగన్లు, ఒక్కోదాంట్లో యాభై వేల లీటర్లు, మొత్తం 25 లక్షల లీటర్లు. టీవీ వాళ్ళు, మంత్రులు, పూలదండలు, ఊరంతా వచ్చి చూసింది. ఇప్పుడు మా మిద్దె లెక్క చూడండి. చెన్నైలో ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. 390 చదరపు మీటర్ల మీద అది దాదాపు 5.5 లక్షల లీటర్లు. ఆవిరికి, మొదటి వానకు కడిగి వదిలేసే మురికి నీళ్ళకు అయిదో వంతు తీసేస్తే 4.4 లక్షలు మిగులుతాయి. అంటే మాలాంటి ఇళ్ళు ఆరు ఉంటే వాటి మిద్దెల మీద ఏడాదికి ఒక రైలు పడుతోంది. మా వీధిలో అలాంటివి ఆరు కన్నా ఎక్కువే ఉన్నాయి. ఆ రైలుకు దండ వేశాం. ఈ రైలును కాలవలోకి తోసేస్తున్నాం.

ఇందులో ఒక మెలిక ఉంది, దాన్ని దాచను. ఆ వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. భూమిలోకి దింపిన నీళ్ళు మా కోసం మే దాకా అక్కడే కూర్చోవు. పక్కింటి బోరు లాగుతుంది, ఎదురింటి బోరు లాగుతుంది. కాబట్టి మా డబ్బుతో మా వీధికి నీళ్ళు పోస్తున్నాం అన్నా తప్పు లేదు. అందుకే అందరూ చేస్తేనే అందరికీ దక్కుతుంది. 2003లో తమిళనాడులో ప్రతి కట్టడానికీ వాన నీటి ఏర్పాటు ఉండాలని ప్రభుత్వం పట్టుబట్టిందీ అందుకే. మా భవనానికీ అప్పట్లో ఒక గుంత తవ్వారు. తర్వాత దాని మీద స్కూటర్లు నిలబెట్టారు. మేము కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. స్కూటర్లు జరిపాం, గుంతలో ఒండ్రు తీశాం, కంకర, ఇసుక మార్చాం, పైపును బావికి కలిపాం.

కృష్ణా నీళ్ళ గురించి మీరన్న మాట కూడా వదలను. "మన కృష్ణా నీళ్ళు తాగుతూ వాన నీళ్ళ కోసం ఏడవడమేంటి" అన్నారు. తెలుగుగంగ మీద నాకూ మమకారం ఉంది. మా నాన్నగారిది నెల్లూరు జిల్లా. కండలేరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా "ఇవి మీ మద్రాసుకే" అని చూపించేవారు. 1983 ఒప్పందం ప్రకారం శ్రీశైలం నుంచి 15 టీఎంసీలు వదలాలి, దారిలో 3 టీఎంసీలు పోయినా సరిహద్దు దగ్గర 12 అందాలి. సోమశిల దాటి, కండలేరు నుంచి 152 కిలోమీటర్లు కాలవలో నడిచి ఊత్తుకోట్టై దగ్గర తమిళనాట అడుగుపెట్టి పూండి జలాశయం చేరతాయి. దారి పొడుగునా ఎండ ఉంది, రైతుల మోటార్లు ఉన్నాయి, పైన జలాశయంలో నీళ్ళు లేని ఏళ్ళూ ఉన్నాయి. ఆ 12 టీఎంసీలు అందని ఏళ్ళే ఎక్కువ. రైతు మోటారు పెట్టాడని నేను తప్పుపట్టను, ఆయన ముందు కాలవ పారుతుంటే ఆయన పొలం ఎండాలా? అంత దూరం నుంచి వచ్చే నీటికి ఎదురు చూస్తూ తలమీద పడ్డ నీటిని డ్రైనేజీలో వదలడం నాకు మనసొప్పలేదు, అంతే. రెండూ కావాలి మనకు.

కమీషను మాట మాత్రం సరదాగా తీసుకోలేకపోయాను. "కాంట్రాక్టరు దగ్గర ఎంత ముట్టింది?" అని నవ్వు బొమ్మలు పెట్టారు. డబ్బు నాదైతే నవ్వి ఊరుకునేదాన్ని. పన్నెండు ఇళ్ళ వాళ్ళది. ఫ్లాటుకు 3,500 చొప్పున 42,000 వసూలయ్యాయి. బావి ఒండ్రు తీతకు 14,000, పైపులు, వాల్వులు, వడపోత గుంతకు 19,500, కూలికి 6,000, దోమలు పడకుండా మూతకు, వలకు 1,800. మిగిలిన 700 అసోసియేషను ఖాతాలో ఉన్నాయి. బిల్లులు మెట్ల దగ్గర నోటీసు బోర్డు మీద వేలాడుతున్నాయి, ఎవరైనా చూడొచ్చు. అందులో ఏదైనా ధర ఎక్కువ అనిపిస్తే చెప్పండి, వచ్చే ఏడు అక్కడే బేరమాడతాం. పైపుల దగ్గర నాకే కాస్త అనుమానం.

ఇంతకు మించి ఈ విషయం మీద వాదం పెంచాలని లేదు. మీరు మళ్ళీ ఎగతాళి చేసినా చదువుతాను, నవ్వు వస్తే నవ్వుతాను. లెక్కలో తప్పు చూపిస్తే మాత్రం పైన దిద్ది, మీ పేరు రాసి పెడతాను.

మీరు పెరంబూరులో సొంత ఇల్లు అని రాశారు కదా. అక్కడి నేల గురించి నాకు తెలుసుకోవాలని ఉంది. మా దగ్గర పన్నెండు అడుగుల దాకా నల్ల బంకమట్టి, ఆ కింద ఇసుక తగిలింది. అందుకే గుంత ఒక్కటే తవ్వితే నీళ్ళు పైనే నిలిచిపోయేవి, బావిలోకి కలిపాక గానీ దిగలేదు. మీ బోరు ఎన్ని అడుగులు? వానల తర్వాత నీళ్ళ రుచిలో ఏమైనా తేడా వస్తుందా? పాత ఇల్లయితే పెరట్లో మూసేసిన బావి ఏదైనా ఉందా? ఉంటే, మట్టితో పూడ్చారో, పైన పలక మాత్రమే వేశారో ఒకసారి చూసి రాయండి. పలక మాత్రమే అయితే ఖర్చు మా దాంట్లో సగం కూడా ఉండదు.

విల్లివాక్కం నుంచి,
మీ ఆంటీ