విషయం: డిసెంబర్ 10 ఓపెనింగ్‌కి కలంకారీ ప్యానెళ్లు – ఏ గోడకి ఏ రోజు

నమస్తే మేడమ్,

తిరుపతిలో మీ హోటల్ ఓపెనింగ్ ముహూర్తం డిసెంబర్ 10కి కుదిరిందని ఈ రోజు పొద్దున మీరు చెప్పగానే శ్రీకాళహస్తిలో మా వర్క్‌షాప్ అందరికీ చెప్పాను. ధనుర్మాసం పెట్టకముందే తలుపులు తెరవాలని, వైకుంఠ ఏకాదశి రద్దీకి గదులు సిద్ధంగా ఉండాలని మీ పెద్దలు అనుకోవడంలో న్యాయం ఉంది. తేదీ 20 నుంచి 10కి జరగడం మీ చేతిలో లేదని కూడా తెలుసు. ఫ్రేములు బిగించుకోవడానికి వ్యవధి కావాలి కాబట్టి 24 ప్యానెళ్లూ డిసెంబర్ 1కల్లా ఇవ్వగలరా అని అడిగారు. ఫోన్‌లో అప్పటికప్పుడు సరే అనలేకపోయాను. మధ్యాహ్నం మా పెద్దాయనతో కూర్చుని ఒక్కో గుడ్డకీ రోజులు లెక్క వేసుకున్నాక ఇది రాస్తున్నాను.

ముందు మీకు అవసరమైన మాట చెప్తాను. ఓపెనింగ్ రోజు మీ అతిథులు నడిచే ఏ గోడా ఖాళీగా ఉండదు. 24 ప్యానెళ్లూ డిసెంబర్ 7 సాయంత్రానికి హోటల్‌కి చేరే దారి ఒకటి ఉంది, అది కింద వివరంగా రాశాను. ఇప్పుడున్న డిజైన్లతోనే 24నీ డిసెంబర్ 1కి ఇవ్వడం మాత్రం మా వల్ల కాదు. ఎందుకు కాదో మీకు పూర్తిగా తెలియాలి. రేపు మీ డైరెక్టర్ గారికి మీరు చెప్పాల్సి వచ్చినప్పుడు మీ చేతిలో లెక్క ఉండాలి కదా.

మా దగ్గర కలం పట్టి గీసేవాళ్లు ముగ్గురు. మీ ప్యానెల్ 3 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు. కల్యాణ ఘట్టం లాంటి బొమ్మ, చుట్టూ అంచు కలిపి చింతబొగ్గుతో గీసుకుని, దాని మీద నల్లగీత దిద్దడానికి ఒక మనిషికి రెండు రోజులు పడుతుంది. అంటే ముగ్గురూ ఆగకుండా చేసినా 24కి 16 పనిదినాలు, 8 చొప్పున మూడు జట్లుగా విడదీస్తే జట్టుకి 6 రోజులు, మొత్తం 18. రేపు మొదలుపెడితే నవంబర్ 30కి చివరి ఎనిమిదింటి మీద నల్లగీతలు మాత్రమే పూర్తవుతాయి. రంగులింకా మొదలుకావు.

రంగుల దగ్గర మనుషుల్ని పెంచినా పని వేగం పెరగదు, ఎందుకంటే అక్కడ పని చేసేది ఎండ, నీళ్లు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. తర్వాత పారే నీళ్లలో ఉతికి, మిగులు పటిక అంతా పోయిందని నమ్మకం కుదిరాక మంజిష్ఠ వేర్లతో రాగి కాగులో ఉడకబెడతాం. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. మిగతా గుడ్డకి అంటిన మరక పోవడానికి పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో పరిచి, ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరిస్తూ తెలుపు తెప్పించాలి. మళ్లీ గేదెపాలల్లో ముంచి ఆరబెట్టాలి, అప్పుడే పైన వేసే రంగు పాకకుండా ఉంటుంది. దాని మీద కరకపువ్వు పసుపు, నీలిమందు, రెండూ కలిసే చోట ఆకుపచ్చ. చివరగా ఇంకో ఉతుకు. మంచి ఎండ ఉంటే ఎనిమిది గుడ్డల జట్టుకి ఇదంతా 10 రోజులు.

ఇది నవంబర్. మన జిల్లాకి అసలు వానలు ఇప్పుడే. రెండు రోజులు ముసురు పట్టినా, స్వర్ణముఖిలో ఎర్రనీళ్లు వచ్చినా ఉతుకు ఆగిపోతుంది. అందుకే ప్రతి జట్టుకీ మూడు రోజులు వాన కోసం వదిలాను. ఆ మూడు రోజుల్ని మీరు అడిగినా తగ్గించలేను మేడమ్. పోయినేడు ఇదే కాలంలో ఒక ఆర్డరుకి తొందరపడి, పటిక పూసిన గుడ్డల్ని లోపల ఫ్యాన్ల కింద ఆరబెట్టి, తొట్టి నీళ్లలో ఉతికి కాగులో వేశాం. బయటికి తీసేసరికి ఒక గుడ్డలో అమ్మవారి చీర ఎరుపు పక్కనున్న చెట్టు మీదికీ, ముఖం మీదికీ పాకింది. ముక్కు దగ్గర ఒక ఎర్రటి చార. పెద్దాయన ఆ గుడ్డని చాలాసేపు చేతిలో పట్టుకుని చూసి, మడిచి పక్కన పెట్టేశారు. అది మా తప్పే, మళ్లీ మొదటి నుంచి గీసి ఇచ్చాం. మీ రిసెప్షన్ గోడ మీద అలాంటి గుడ్డ ఉండకూడదు.

ఇక దారి. మీ బిల్డింగులో ప్యానెళ్లు మూడు చోట్ల ఉన్నాయి కాబట్టి పనినీ మూడు జట్లుగా విడదీద్దాం.

రిసెప్షన్‌లోని శ్రీనివాస కల్యాణం ఎనిమిదీ మొదటి జట్టు. దీపావళికి ముందే కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డలు మా దగ్గర సరిగ్గా ఎనిమిది ఉన్నాయి, ఇంకో ఆర్డరు కోసం పెట్టుకున్నవి. వాళ్లతో మాట్లాడాను, ఆ గుడ్డలు మీకు కేటాయించాం. రేపు, 13న గీత మొదలు, 18కి ముగింపు. రంగులు 28కి పూర్తి. వానరోజులు కలుపుకుని డిసెంబర్ 1కి మీ చేతిలో ఉంటాయి. అంటే మీరు అడిగిన తేదీ, లోపలికి రాగానే అందరూ చూసే గోడ విషయంలో అలాగే నిలబడుతుంది.

మొదటి అంతస్తులో లిఫ్టు ఎదురుగా పెట్టే కన్నప్ప కథ ఎనిమిదీ రెండో జట్టు. వీటికి గీత 19 నుంచి 24 వరకు, రంగులు డిసెంబర్ 4 వరకు, వాన కలిపితే 7.

మూడో జట్టు దగ్గరే మీ నిర్ణయం కావాలి. రెండో అంతస్తు వరండాకి కృష్ణలీలలు అనుకున్నాం. అవే కావాలంటే డిసెంబర్ 13కి ఇస్తాను, ఓపెనింగ్‌కి అందవు. వాటి బదులు కల్పవృక్షం, నెమళ్లు, తీగలు వేస్తే ముఖాలు, నగలు ఉండవు కాబట్టి ఒక్కో గుడ్డ ఒక్క రోజులో గీయవచ్చు. నీలిమందు పని కూడా తక్కువ. నవంబర్ 25 నుంచి 27 వరకు గీత, రంగులకి 7 రోజులు, అంటే డిసెంబర్ 4. వాన కలిపి ఇవి కూడా 7కే వస్తాయి. నా మనసులో మాట చెప్పాలంటే, వరండాలో నడుస్తూ పోయేవాళ్లకి కల్పవృక్షమే బాగుంటుంది. కథ బొమ్మ ముందు మనిషి నిలబడి చూడాలి. అక్కడ పెట్టెలు లాక్కుంటూ వెళ్లే వాళ్లు నిలబడలేరు. అయినా గోడలు రోజూ చూసేది మీరు, మీకు ఏది తోస్తే అదే చేద్దాం.

బయటి నుంచి గీసేవాళ్లని ఎందుకు పిలవరు అని మీరు అడగవచ్చు. తీగల పనికి పిలుస్తాను, పక్క వీధిలో ఇద్దరు ఒప్పుకున్నారు కూడా. వాన ఎక్కువైతే వాళ్లు మాకు అండ. కల్యాణం ఎనిమిదింటికి మాత్రం వద్దు. వరసగా ఉన్న ఎనిమిది బొమ్మల్లో స్వామి కళ్లు ఎనిమిది రకాలుగా ఉంటే చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది. ఆ ముఖాలన్నీ పెద్దాయన చేతి మీదే పోవాలి. అచ్చులతో వేసే మచిలీపట్నం కలంకారీ అయితే ఇంకా త్వరగా దొరుకుతుంది. వాళ్ల పని మీద నాకు గౌరవం ఉంది, కానీ మొదటి రోజే మీరు చేతితో గీసిన శ్రీకాళహస్తి పని కావాలన్నారు. ఆ మాట మీద నుంచి మిమ్మల్ని తప్పించాలని లేదు.

ఖర్చు సంగతి. కల్పవృక్షం ఒప్పుకుంటే ఆ ఎనిమిదింటికీ ఒక్కోదానికి 1,500 రూపాయల చొప్పున మొత్తం 12,000 బిల్లులో తగ్గిస్తాను. బయటి ఇద్దరి కూలి, రెండుసార్లు వ్యాన్ పంపే ఖర్చు మావి. పెద్దాయన మీద పడ్డ తొందరకి అదనపు రుసుమేదీ అడగను.

మీ వైపు నుంచి రెండు సాయాలు కావాలి. మొదటిది, ఫ్రేముల కార్పెంటర్ గారు. ఉడకబెట్టి ఉతికిన గుడ్డ కొంచెం కుంచించుకుపోతుంది. అందుకే ఆయన అసలు కొలతలు చివరి ఉతుకు తర్వాత తీసుకోవాలి. చెక్క కోసి, పాలిష్ చేసి ముందే సిద్ధంగా పెట్టుకుని, కొలత అందాక అడ్డపట్టీలు బిగిస్తే ఒక జట్టుకి రెండు రోజులు చాలని ఆయనే మొన్న అన్నారు. 29నే గుడ్డలు కొలిచి ఫొటోతో పంపిస్తాను. రెండో, మూడో జట్టు కొలతలు డిసెంబర్ 5న వస్తాయి. అలా అయితే 8, 9 తేదీల్లో బిగింపు అయిపోతుంది. ఆయనకి ఆ రెండు రోజులు వేరే పని పెట్టకుండా చూడండి.

రెండోది, కన్నప్ప కథ స్కెచ్‌లు. గత వారం పంపిన ఎనిమిదింటిలో మూడోదాని మీద, ఐదోదాని మీద మీ వాళ్ల అభిప్రాయం ఇంకా రాలేదు. 17వ తేదీ లోపు ఓకే అంటే 19న గీత మొదలవుతుంది. అక్కడ ఒక రోజు ఆలస్యమైతే డిసెంబర్ 7లో ఒక రోజు పోతుంది. మార్పులుంటే బొగ్గుగీత దశలో ఎన్నైనా చెప్పండి, దులిపేసి మళ్లీ గీస్తాం. నల్లగీత పడ్డాక మాత్రం చెరపలేం. ఇనుప తుప్పు, బెల్లం పులియబెట్టి తీసిన ఆ కసిం, కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే నల్లబడి గుడ్డలోకి దిగిపోతుంది.

నా లెక్కలో మీకు కనిపించేది, నాకు కనిపించనిది ఏదైనా ఉండొచ్చు. ఓపెనింగ్ పూజ ఏ అంతస్తులో, అతిథుల్ని ముందు ఎటు తీసుకెళ్తారు, రెండో అంతస్తు గదులు మొదటి రోజే తెరుస్తారా లేదా అన్నది మీకే తెలుసు. రెండో అంతస్తు ఆ వారం మూసి ఉంచేటట్టయితే కృష్ణలీలలు అలాగే ఉంచుకోవచ్చు, తొందరే లేదు. అందుకే ఎల్లుండి, 14వ తేదీ ఉదయం 10 గంటలకి నేను తిరుపతి వస్తాను. కల్పవృక్షం చిన్న నమూనా గుడ్డ ఒకటి తెస్తాను, వరండా గోడకి ఆనించి చూద్దాం. అరగంట చాలు. ఆ సమయం కుదరకపోతే సాయంత్రం ఎప్పుడైనా సరే.

అంతవరకు మీ జవాబు కోసం పని ఆపను. ఏ దారి ఎంచుకున్నా కల్యాణం ఎనిమిదీ ముందు వెళ్లాల్సిందే కాబట్టి, రేపు పొద్దున ఆరు గంటలకే పెద్దాయన మొదటి గుడ్డ పరుస్తారు. సాయంత్రం బొగ్గుగీత ఫొటో మీకు వాట్సాప్‌లో వస్తుంది. ఇక నుంచి రోజూ ఏడు గంటలకి, ఎండ కాసిందా వాన పడిందా, ఎన్ని గుడ్డలు ఏ దశలో ఉన్నాయి అని రెండు ముక్కలు రాస్తాను. ఎక్కడైనా వెనకబడుతున్నామనిపిస్తే ఆ రోజే చెప్తాను.

ఉంటాను మేడమ్,
ఆర్డర్లు చూసుకునే మనిషి,
కలంకారీ వర్క్‌షాప్, శ్రీకాళహస్తి
నవంబర్ 12