రేడియోధార్మికత: అభ్యాస లెక్కలు

వాడాల్సినవి: N = N₀e^(−λt), T½ = 0.693/λ, A = λN. అవగాడ్రో సంఖ్య 6.022 × 10²³, ఏడాదికి 3.156 × 10⁷ సెకన్లు.

1. యురేనియం-238 (Z = 92) వరుస విఘటనాల తర్వాత సీసం-206 (Z = 82) అవుతుంది. ఎన్ని α, ఎన్ని β⁻ కణాలు వెలువడతాయి? (ముందు ద్రవ్యరాశి సంఖ్యతో α లెక్క తేల్చండి. β వల్ల అది మారదు.)

2. β⁻ విఘటనంలో ఎలక్ట్రాన్ల శక్తి సున్నా నుంచి ఒక గరిష్ఠ విలువ వరకు అవిచ్ఛిన్నంగా ఉంటుంది. α కణాలకు మాత్రం నిర్దిష్ట శక్తులే ఉంటాయి. ఎందుకు? రెండు వాక్యాలు చాలు.

3. అయోడిన్-131 అర్ధజీవిత కాలం 8 రోజులు. 40 మి.గ్రా. నమూనాలో 24 రోజులకు ఎంత మిగులుతుంది? దీనికి లాగరిథమ్ అక్కర్లేదు.

4. పాత కలపలో కార్బన్-14 క్రియాశీలత, తాజా కలపలోని దానిలో 20 శాతమే ఉంది. T½ = 5730 ఏళ్లయితే దాని వయసెంత?

5. 1 మైక్రోగ్రాము కోబాల్ట్-60 (T½ = 5.27 ఏళ్లు) క్రియాశీలత ఎన్ని బెకరెల్‌లు? ఏళ్లను సెకన్లలోకి మార్చకపోతే జవాబు ఘోరంగా తప్పుతుంది.

6. P, Q నమూనాల్లో మొదట సమాన సంఖ్యలో కేంద్రకాలున్నాయి. అర్ధజీవిత కాలాలు వరుసగా 2 గంటలు, 4 గంటలు. మొదట ఏది ఎక్కువ క్రియాశీలం? క్రియాశీలతలు ఎప్పుడు సమానమవుతాయి? సెట్‌లో అసలు లెక్క ఇదే, తొందరపడొద్దు.

జవాబులు: 1) 8 α, 6 β⁻ 2) β⁻ విఘటనంలో శక్తిని ఎలక్ట్రాన్, యాంటీన్యూట్రినో పంచుకుంటాయి; α విఘటనంలో తుది వస్తువులు రెండే 3) 5 మి.గ్రా. 4) సుమారు 13,300 ఏళ్లు 5) సుమారు 4.2 × 10⁷ 6) P, 4 గంటలకు