కొత్త సైజుల పట్టిక గురించి మా ఖాతాదారులకు మనవి

తణుకు, 2025 నవంబరు 3

మా దుకాణానికి ఏళ్ల తరబడి వస్తున్న ఖాతాదారులందరికీ నమస్కారం.

అక్టోబరు మొదటి వారం నుంచి మా దగ్గర అమ్ముతున్న కుర్తీలు, లెగ్గింగులు, ఆడపిల్లల ఫ్రాకులు కొత్త తయారీదారుల నుంచి వస్తున్నాయి. కుర్తీలను జైపూర్ నుంచి, లెగ్గింగులను తిరుప్పూర్ నుంచి, ఫ్రాకులను కోల్‌కతా నుంచి తెప్పిస్తున్నాము. వీరి సైజుల లెక్క పాత వారి లెక్కతో కలవదు. ఇన్నాళ్లూ మీరు అలవాటుగా అడిగే సైజునే ఇప్పుడు కూడా తీసుకుంటే కుర్తీ ఒంటి మీద వదులుగా వేలాడుతుంది, లెగ్గింగు పట్టేస్తుంది. కాబట్టి కుర్తీలలో ఒక సైజు తగ్గించి, లెగ్గింగులలో ఒక సైజు పెంచి తీసుకోవలసిందిగా కోరుతున్నాము. ఎందుకన్నది, ఎవరు దీనికి మినహాయింపన్నది కింద వివరిస్తున్నాను.

సరుకు ఎందుకు మార్చారని చాలామంది అడిగారు. పాత తయారీదారు ఇచ్చిన కుర్తీలు తొలి రోజుల్లో బాగానే ఉండేవి గానీ, ఏడాదిన్నరగా ఒకే కట్టలో, ఒకే రంగులో, ఒకే 40 ట్యాగుతో ఉన్న రెండు కుర్తీలను టేపు పెట్టి కొలిస్తే ముప్పావు ఇంచు నుంచి ఇంచు వరకు తేడా కనబడసాగింది. నాలుగైదుసార్లు చెప్పి చూశాము. చివరికి 44 దాటిన సైజులు మాలాంటి చిన్న దుకాణాలకు కుట్టి ఇవ్వలేమని కూడా అన్నారు. లావుగా ఉన్నవారిని ఉత్త చేతులతో వెనక్కి పంపడం మాకు ఇష్టం లేక వేరేవారిని వెతుక్కున్నాము. కొత్త కుర్తీలు 46 వరకు దొరుకుతాయి.

ఇందులో మా పొరపాటు కూడా ఒకటి ఉంది, అది దాచను. కొత్త సరుకు దిగిన రోజునే కొలతలు సరిచూసి మీకు చెప్పవలసింది. దీపావళి రద్దీలో పాత అలవాటు ప్రకారమే ఇచ్చి పంపాము. పండుగ ముందు పది రోజుల్లో ఇరవై మూడు కుర్తీలు మార్పిడికి తిరిగి వచ్చాయి. వారిలో, ఎప్పుడూ 40 తీసుకునే ఒక టీచరుగారు తన పాత కుర్తీని కూడా వెంట తెచ్చారు. రెండింటినీ కౌంటరు మీద ఒకదానిపై ఒకటి పరిచి, ఒక వైపు అంచులు కలిపి చూస్తే, రెండో వైపు కొత్తది ఇంచుంపావు బయటికి వచ్చింది. అంటే చుట్టుకొలతలో రెండున్నర ఇంచుల తేడా అన్నమాట. రెండు ట్యాగుల మీదా ఉన్నది 40 అంకే.

తేడా కుట్టులో లేదు, అంకెను చూసే పద్ధతిలో ఉంది. పాతవారు 40 అని వేస్తే, ఆ కుర్తీ ఛాతీ దగ్గర చుట్టూ 40 ఇంచులు ఉన్నట్టు. కొత్తవారు 40 అని వేస్తే, ఛాతీ చుట్టుకొలత 40 ఇంచులు ఉన్న మనిషికి సరిపోతుందని అర్థం. చేతులు ఎత్తినా, కూర్చున్నా ఇబ్బంది లేకుండా ఉండేందుకు ఆ కొలతకు రెండున్నర ఇంచుల వదులు కలిపి కుడతారు. రెండూ వాడుకలో ఉన్న పద్ధతులే. దేశంలో తయారీదారులందరూ తప్పక పాటించవలసిన సైజుల పట్టిక అంటూ ఇంకా లేదు. దాని కోసమే కేంద్ర జౌళి శాఖ తరఫున నిఫ్ట్ సంస్థ హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో పదిహేనేళ్ల నుంచి అరవై అయిదేళ్ల లోపు స్త్రీ పురుషుల శరీర కొలతలు సేకరించే పని చేపట్టింది. అది అందరికీ అమల్లోకి వచ్చేదాకా అక్షరాన్ని నమ్మడం కన్నా టేపును నమ్మడమే మేలు.

కుర్తీలకు ఇకపై ఈ పట్టికను చూడండి. కొలతలు ఇంచులలో ఉన్నాయి.

| కొత్త ట్యాగు | మీ ఛాతీ చుట్టుకొలత | కుర్తీ ఛాతీ చుట్టుకొలత | ఇదివరకు మీరు తీసుకున్న సైజు |
|---|---|---|---|
| ఎస్ (36) | 34 నుంచి 36 | 38½ | ఎం (38) |
| ఎం (38) | 36 నుంచి 38 | 40½ | ఎల్ (40) |
| ఎల్ (40) | 38 నుంచి 40 | 42½ | ఎక్స్‌ఎల్ (42) |
| ఎక్స్‌ఎల్ (42) | 40 నుంచి 42 | 44½ | డబుల్ ఎక్స్‌ఎల్ (44) |
| డబుల్ ఎక్స్‌ఎల్ (44) | 42 నుంచి 44 | 46½ | ఇదివరకు లేదు |
| ట్రిపుల్ ఎక్స్‌ఎల్ (46) | 44 నుంచి 46 | 48½ | ఇదివరకు లేదు |

ట్యాగు మీద అక్షరం పక్కన సెంటీమీటర్లలో కూడా కొలత ఉంటుంది. 38 ఉన్నచోట 97 అని, 40 ఉన్నచోట 102 అని కనబడితే కంగారు పడవద్దు, ఇంచుకు 2.54 సెంటీమీటర్ల చొప్పున లెక్క కట్టి వేసినవే అవి.

టేపుతో ఒంటి కొలత తీసుకోవడం ఇబ్బంది అనుకునేవారు ఇంట్లో మీకు బాగా కుదిరిన కుర్తీ ఒకటి తీసి, మంచం మీద కాక గట్టిగా ఉండే బల్ల మీద, ముడతలు లేకుండా పరవండి. చంక కుట్టుకు ఒక ఇంచు కిందుగా ఈ చివరి నుంచి ఆ చివరికి కొలిచి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి. ఇరవై వస్తే నలభై. ఆ అంకెను పట్టికలో మూడో నిలువు వరుసతో పోల్చుకోండి, మొదటి నిలువు వరుసతో కాదు. మొన్న ఒకరిద్దరు ఇక్కడే తికమకపడ్డారు. లైక్రా కలిసిన గుడ్డను మాత్రం ఈ కొలతకు వాడవద్దు, అది సాగి తప్పు చెబుతుంది.

ఇప్పుడు మినహాయింపుల సంగతి. ఒక సైజు తగ్గించుకోమన్న మాట అందరికీ వర్తించదు. జైపూర్ వారి కోతలో చేతి చుట్టు కాస్త బిగువు. పాత ఎల్‌లో జబ్బ దగ్గర చుట్టూ పద్నాలుగున్నర ఇంచులు ఉంటే, దానికి బదులుగా మేము చెబుతున్న కొత్త ఎం‌లో పదమూడున్నరే ఉంది. ఛాతీ దగ్గర సరిగ్గా కూర్చున్న కుర్తీ జబ్బల దగ్గర పట్టేసి, చెయ్యి ఎత్తగానే చంక కింద లాగేస్తుంటే అది మీ సైజు కాదు. జబ్బలు లావుగా ఉన్నవారు పాత సైజునే తీసుకుని పక్కలు లోపలికి పట్టించుకోవడం మంచిది. చేతులు లేని మోడళ్లకు, వదులు చేతుల మోడళ్లకు ఈ సమస్య లేదు.

అలాగే నేరుగా కిందికి దిగే కోత ఉన్న కుర్తీలలో, పక్క చీలిక మొదలయ్యేచోట తుంటి కొలత ముఖ్యం. కొత్త ఎం‌లో అక్కడ 43 ఇంచులు ఉంది. తుంటి భాగం వెడల్పుగా ఉన్నవారికి అది చాలక చీలిక నోరు తెరుచుకుంటుంది. వారు ఛాతీని బట్టి కాక తుంటిని బట్టే సైజు ఎంచుకోవాలి. గేరు ఎక్కువగా ఉన్న అనార్కలీ మోడళ్లకు ఛాతీ కొలత ఒక్కటే చాలు.

మరో ముఖ్యమైన విషయం. పాత కుర్తీలకు లోపల ఇంచు గుడ్డ వదిలి కుట్టేవారు కాబట్టి ఒళ్లు చేసినప్పుడు కుట్లు విప్పి వదులు చేసుకునే వీలుండేది. కొత్తవాటికి లోపల అరంగుళమే ఉంది, అదీ ఓవర్‌లాక్ చేసేసి ఉంది. బిగించగలం గానీ వదులు చేయలేము. అందుకే రెండు సైజుల మధ్య ఉన్నవారు పెద్దదే తీసుకోండి.

గుడ్డ ముడుచుకుంటుందేమోనని అడిగినవారి కోసం, రేయాన్‌లో ఒకటి, కాటన్‌లో ఒకటి మా ఇంట్లోనే చన్నీళ్లలో రెండుసార్లు ఉతికి, నీడన ఆరబెట్టి కొలిచాను. కాటన్ కుర్తీ పొడవులో అరంగుళం తగ్గింది. రేయాన్‌ది ముప్పావు ఇంచు తగ్గి, ఇస్త్రీ చేశాక కొంత తిరిగి వచ్చింది. ఛాతీ దగ్గర రెండింటిలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వేడి నీళ్లలో నానబెట్టి చూడలేదు, మీరూ నానబెట్టకండి.

లెగ్గింగుల విషయం తేలికే. పాతవాటిలో లైక్రా ఎక్కువ ఉండేది, ఎంత లాగితే అంత సాగేది. కొత్తవాటిలో నూలు 95 శాతం, సాగే దారం 5 శాతం. ఒంటికి చల్లగా ఉంటాయి, మోకాళ్ల దగ్గర తొందరగా పొంగవు, కానీ తొడల దగ్గర పాతంత సాగవు. ఎం వేసుకున్నవారు ఎల్, ఎల్ వేసుకున్నవారు ఎక్స్‌ఎల్ తీసుకోండి.

పిల్లల ఫ్రాకుల మీద ఇదివరకు వయసు ఉండేది, ఇప్పుడు అంకె ఉంటుంది. 22 అంటే భుజం నుంచి కింది అంచు వరకు 22 ఇంచులని అర్థం. పాపను నిలబెట్టి భుజం నుంచి మోకాలి వరకు కొలుచుకుని రండి, ఎక్కడిదాకా కావాలంటే ఆ అంకె తీసుకోవచ్చు. అయిదేళ్ల పాపకు మామూలుగా 22, 24 మధ్య సరిపోతుంది గానీ, ఒకే తరగతి పిల్లలే ఒకరు పొడుగు, ఒకరు పొట్టి ఉంటారు కదా. మనవరాలికి చెప్పకుండా కొని ఇవ్వాలనుకునే అమ్మమ్మలు, నానమ్మలు పాప పాత గౌను ఒకటి సంచిలో వేసుకు వస్తే చాలు. నైటీలు, రెడీమేడ్ బ్లౌజులు పాతవారి నుంచే వస్తున్నాయి, వాటి సైజులలో మార్పు లేదు.

వాట్సాప్‌లో ఆర్డరు పెట్టేవారు దయచేసి "ఎల్ పంపండి" అని కాకుండా, మీ ఛాతీ కొలతనో, మీ పాత కుర్తీ కొలతనో ఇంచులలో రాయండి. ఏది రాశారో కూడా చెప్పండి. అమెరికాలో ఉన్న కూతుళ్లకు, కోడళ్లకు పంపేవారికి మరీ మరీ చెబుతున్నాను, అక్కడి ఎం వేరు, మన ఎం వేరు. అంత దూరం వెళ్లిన బట్టను వెనక్కి తెప్పించి మార్చడం మీకూ మాకూ అయ్యే పని కాదు.

అక్టోబరు 1 తర్వాత కొన్న కుర్తీలు, లెగ్గింగులు సైజు కుదరకపోతే నవంబరు 30 వరకు మార్చి ఇస్తాము. ట్యాగు తీసేసి ఉన్నా, ఒకసారి ఒంటి మీద వేసుకున్నా ఫరవాలేదు, ఈ నెలకు అది మా తప్పు కింద లెక్క. ఉతికినవి మాత్రం తీసుకోలేము. అదే సైజు దొరకకపోతే మీరు కట్టిన డబ్బు తిరిగి ఇస్తాము. డిసెంబరు 1 నుంచి మామూలు పద్ధతి ప్రకారం బిల్లుతో, ట్యాగుతో, పదిహేను రోజుల లోపు తీసుకురావాలి. పక్కలు బిగించడం, పొడవు తగ్గించడం సంక్రాంతి వరకు ఉచితం. సాయంత్రం ఆరు లోపు ఇస్తే మర్నాడు అందుతుంది.

పాత సరుకు ఇంకా సుమారు అరవై కుర్తీలు మిగిలి ఉంది. వాటిని కొత్తవాటితో కలపకుండా, తలుపు పక్కనున్న స్టాండుకు విడిగా వేలాడదీసి, ట్యాగు మీద పసుపు చీటీ అంటించాము. పసుపు చీటీ ఉంటే మీ పాత సైజే తీసుకోండి. చీటీ లేకపోతే ఈ పట్టిక చూడండి. ప్రతి కొత్త సైజులోనూ ఒక కుర్తీని అమ్మకానికి కాకుండా ట్రయల్ రూములో ఉంచాము, ముందు అది వేసుకుని చూసి తర్వాత రంగు ఎంచుకోవచ్చు. కౌంటరు దగ్గర టేపు ఎప్పుడూ ఉంటుంది. కొలత తీయడానికి ఆడపిల్లలు ఇద్దరున్నారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు జనం తక్కువ, తీరిగ్గా చూసుకోవాలనుకునేవారు ఆ వేళకు రండి.

ఇట్లు,
దుకాణం యజమానురాలు