మూడు కోడ్‌లు, ఒకే పాన్

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రేవతి పర్చేజ్ క్లర్క్. డబ్బాల సప్లయర్ ఒక్కరే, సిస్టమ్‌లో మాత్రం ఆయన పేరు మూడు స్పెల్లింగుల్లో, మూడు కోడ్‌లతో ఉంది. బిల్లు నంబర్ రిపీటైతే సిస్టమ్ పట్టుకునేది ఒకే కోడ్ లోపలే కాబట్టి, ఒక బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్లిపోయింది. సప్లయర్ కోడ్‌లన్నీ సరిచూస్తానంది రేవతి.

"సీజన్‌లో ఇవన్నీ ఎందుకమ్మా?" అన్నారు అకౌంట్స్ సార్.

"డబ్బు పోయేది సీజన్‌లోనే కదా సార్."

జీఎస్టీ నంబర్‌లో మూడో అక్షరం నుంచి పది అక్షరాలు పాన్ నంబరే. సాయంత్రాలు కూర్చుని వాటిని పోల్చింది, ఒకే పాన్ ఉన్న కోడ్‌లన్నీ బయటపడ్డాయి. ఒక్కో సప్లయర్‌కి ఒక కోడ్ ఉంచింది. మిగతావాటి మీద పాత బిల్లులు ఉన్నాయి కాబట్టి వాటిని తీసేయనివ్వలేదు, కొత్త బిల్లులు పడకుండా బ్లాక్ చేయించింది.

తర్వాతి సీజన్‌కి కొత్త సప్లయర్ ఫారం వస్తే అకౌంట్స్ సారే ఫోన్ చేశారు: "రేవతమ్మా, ఈ పాన్ మన దగ్గర ముందే ఉందేమో చూడు, తర్వాతే కోడ్ ఇద్దాం."