హన్మకొండ యోగా స్టూడియో: 10 గంటల బ్యాచ్ యాడ్‌కు ల్యాండింగ్ పేజీ వైర్‌ఫ్రేమ్

అక్కా, ఈ పేజీకి ఒక్కటే పని. ఇన్‌స్టాగ్రామ్‌లో మన యాడ్ నొక్కి వచ్చిన ఆమె ఉచిత క్లాసుకు పేరు రాయించుకోవాలె. అందుకే మెనూ లేదు, మిగతా బ్యాచ్‌ల ఊసు లేదు, టీచర్ ట్రైనింగ్ లేదు. అవన్నీ మన వెబ్‌సైట్‌లో ఉన్నయి. పైసలు పెట్టి పిలుస్తున్నం కాబట్టి, వచ్చినామె వేరే దిక్కు పోయే లింకు ఒక్కటి కూడా పెట్టలేదు.

మొదటి స్క్రీన్ (ఫోన్, 360 పిక్సెల్‌ల వెడల్పు)

పైన స్టూడియో పేరు, చిన్నగ. దానికి లింకు వద్దు.

పెద్ద అక్షరాలు: పిల్లలు బడికి పోయినంక, ఒక గంట మీ కోసం

కింద: సుబేదారిలో ఆడవాళ్ల యోగా బ్యాచ్. సోమవారం నుంచి శుక్రవారం, ఉదయం 10 నుంచి 11. మొదటి క్లాసు ఉచితం.

బటన్: ఉచిత క్లాసు బుక్ చేసుకుంట

ఫొటో: మన హాల్‌లో నిజంగ జరిగే క్లాసు. కొన్న ఫొటోలు వద్దు.

యాడ్‌లో కూడా పెద్ద అక్షరాల మాట అక్షరం మారకుండ ఇదే ఉండాలె. అక్కడ ఒకటి చదివి ఇక్కడ ఇంకోటి కనిపిస్తే వెంటనే వెనక్కి పోతరు. డిజైన్ చేసే తమ్మునికి ఒక మాట: తెలుగుకు లైన్ హైట్ 1.6 పెట్టు, లేకుంటే వత్తులు కింది వరుస గుడులకు తగులుతయి.

రెండో భాగం: అడిగే ప్రశ్నలు

ఎన్నడూ చెయ్యలేదు, నాతోని అయితదా? అయితది. మొదటి వారం కూర్చుని చేసేవి, శ్వాస మీదనే.
మోకాళ్ల నొప్పి ఉంటే? ముందే టీచర్‌కు చెప్పండి, కుర్చీ మీద చేయిస్తరు. డాక్టర్ వద్దన్నవి చేయించరు.
ఫీజు? నెలకు 1,500 రూపాయలు. మ్యాట్ మేమే ఇస్తం.
బండి పెట్టే జాగ? గేటు లోపలనే ఉంది.

ఫీజు దాచొద్దని నా గట్టి మాట. ఫోన్ చేస్తేనే చెప్తం అంటే సగం మంది చెయ్యరు.

"నెలలో 10 కిలోలు" అని, ముందు–తర్వాత ఫొటోలు అని మాత్రం ఎక్కడా పెట్టొద్దు. మెటా అసుంటి యాడ్‌లను ఒప్పుకోదు. ఒప్పుకున్నా మనం చెయ్యని వాగ్దానం అది.

మూడో భాగం: ఫారం

పేరు, ఫోన్ నంబరు, ఏ రోజు వస్తరు. ఇంతే. ఆరోగ్యం సంగతి ఫోన్‌లో మీరే అడగండి అక్కా, ఫారంలో రాయమంటే జంకుతరు.

బటన్ కింద: ఈ నంబరుకు క్లాసు సంగతి తప్ప వేరే మెసేజ్ రాదు.

బుక్ అయినంక వచ్చే పేజీ

మీ పేరు రాసుకున్నం. వదులు బట్టలు వేసుకోండి, తిని రెండు మూడు గంటలు అయినంక రండి. కింద మ్యాప్.

ఎంత మంది బుక్ చేసుకున్నరనే లెక్క ఈ పేజీలోనే పడాలె, బటన్ నొక్కినప్పుడు కాదు. నంబరు సగం రాసి ఆగినోళ్లు అందులో కలవొద్దు:

```
fbq('track', 'Lead');
```

అక్కా, ఆ ఫోన్ నంబర్లకు అదే రోజు ఎవరు ఫోన్ చేస్తరో ఖాయం చేసి చెప్పండి. అది తేలినంకనే యాడ్ మొదలు పెడ్దం.